నిచ్చెన తీయించిన మధ్యాహ్నం

ఇంట్లోకి వేడి దిగకుండా మిద్దెల పైన తెల్లరంగు వేసే ముఠాకు ఆమె మేస్త్రమ్మ. అయినదానికీ కానిదానికీ ఒంటికాలి మీద లేచే మనిషి. పని మాత్రం వంక పెట్టడానికి వీల్లేకుండా చేయించేది. రంగు పూత మధ్యలో ఆపితే అతుకు కనబడుతుంది. ఒకడు నీళ్లకని దిగితే వాడి వెనకే నలుగురు బీడీకని దిగుతారు. అందుకని మనుషులు పైకెక్కగానే నిచ్చెన తీయించేది. రంగు కలపడానికి నీళ్లు తాడుతో పైకి వచ్చేవి. తాగడానికి ఎవరి సీసా వాళ్లది, అది పదిగంటలకే ఖాళీ.

ఒక గోదాము మిద్దె మీద మొదటిరోజు, ముఠాలోనే ఉన్న ఆమె చెల్లెలి మొగుడు చొక్కా విప్పి పని చేశాడు, రంగు అంటుకుంటుందని. పైనుంచి ఎండ, కిందనుంచి తెల్లరంగు మీది తళుకు. సాయంత్రానికి వీపంతా కందిపోయింది, గడ్డం కింద కూడా. చెయ్యి వేస్తే కెవ్వుమన్నాడు.

"టూత్‌పేస్ట్ రాస్తే చల్లగా ఉంటుంది వదినా," అన్నాడు.

"పళ్లకి రాసుకో! ఐసు పెట్టావంటే చెయ్యి విరుస్తా. చొక్కా విప్పినప్పుడేమైంది నీ తెలివి?"

తిడుతూనే కుళాయి కింద కూర్చోబెట్టి పావుగంట చల్లటి నీళ్లు పోసింది. తడిగుడ్డ కప్పింది. అన్నం తిన్నాక నొప్పికి పారాసిటమాల్ బిళ్ల ఇచ్చింది. చెంబుల కొద్దీ నీళ్లు తాగించింది.

తెల్లారేసరికి భుజాల మీద బొబ్బలు లేచాయి. అతను సూది తీసుకుంటే లాక్కుంది.

"పొడిచావంటే చీము పడుతుంది. పైతోలే నీకు మందు, దాన్ని అలా ఉండనీ."

అప్పటికే పగిలిన ఒకదాన్ని సబ్బునీళ్లతో మెల్లగా కడిగి, అంటుకోని గుడ్డ వదులుగా కట్టింది. ఇన్ని తెలిసిన మనిషి, ఆ మాట కూడా అనాల్సింది: ఈరోజు పనికి రావద్దు అని. అనలేదు. కాంట్రాక్టరు సాయంత్రానికి మిద్దె అప్పగించాలన్నాడు, ఆమె సరేనంది. పొడుగు చేతుల చొక్కా తొడిగి అతన్ని పైకెక్కించి, తనూ ఎక్కి నిచ్చెన తీయించింది.

రెండింటికి అతను వచ్చి నిలబడ్డాడు. "వదినా, తల పగిలిపోతోంది. కడుపులో తిప్పుతోంది. కాసేపు దిగుతా."

"గంటలో అయిపోతుంది. అంతదాకా ఓర్చుకోలేవా?"

మూడింటికి వేసిన చోటే మళ్లీ మళ్లీ వేస్తున్నాడు. ఆమె అరిస్తే తలెత్తి, "అమ్మా, బడికి పోను," అన్నాడు.

ఆమె పరుగున అతని దగ్గరికి వచ్చింది. ఒళ్లు పట్టుకుంటే పెనంలా ఉంది. మాట తడబడుతోంది, కాళ్లు నిలవడం లేదు. ఇది వట్టి నీరసం కాదని, వడదెబ్బ మెదడుకెక్కిందని ఆమెకు తెలుసు.

"నిచ్చెన పెట్టండ్రా! అంబులెన్సుకి ఫోను చెయ్యండి!" గొంతు చించుకుంది. నీళ్ల తొట్టి నీడలోకి లాగి చొక్కా విప్పింది. రంగు కలపని బకెట్టు నీళ్లు తలమీంచి కాళ్లదాకా పోసింది. తడిపిన గోనెపట్టాలు మెడకు, చంకలకు పెట్టించి, ఇద్దరి చేత అట్టముక్కలతో విసిరించింది. మళ్లీ పోసింది.

నిచ్చెన ఎక్కి వచ్చిన కాంట్రాక్టరు సీసా అతని నోటికి పెట్టబోయాడు. "రాత్రి తాగుంటాడు. ఇదిగో, నీళ్లు పట్టించు."

ఆమె సీసాను చేత్తో కొట్టేసింది. "స్పృహ సరిగ్గా లేని మనిషి నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి! తాగింది వీడు కాదు, మనిద్దరం మనిషి ప్రాణం తాగుతున్నాం!"

అంబులెన్సు వచ్చేదాకా నీళ్లు పోస్తూనే ఉంది.

ఆసుపత్రి వరండాలో డాక్టరమ్మ చెప్పింది. "గండం గడిచింది. చల్లబరిచారు కాబట్టి బతికాడు. మూత్రపిండాలు మాత్రం దెబ్బతిన్నాయి, కొన్నాళ్లు చూడాలి. కాలిన ఒంటికి చెమట సరిగ్గా పట్టదు, వేడి బయటికి పోదు. అలాంటివాణ్ణి ఎండలోకి ఎవరు పంపారు? నీళ్లు ఎప్పుడు తాగాడు?"

కాంట్రాక్టరు నోరు తెరిచాడు. మేస్త్రమ్మ అతని వైపు చూసిన చూపుకు మళ్లీ మూసుకున్నాడు. ఈసారి ఆమె తిట్టడానికి తను తప్ప ఇంకెవరూ లేరు.

"నేనే పంపాను. పదిగంటల తరవాత తాగలేదు. రెండింటికి దిగుతానంటే దిగనివ్వలేదు. నిచ్చెన తీయించింది నేనే."

పక్కన చెల్లెలు కూర్చుని ఉంది. నోట్లో నాలుక లేని పిల్ల, అక్క మాట ఎన్నడూ జవదాటనిది. లేచి నిలబడింది.

"అక్కా, నువ్వు వెళ్లు."

"వాడికి తడిగుడ్డలు మార్చాలి కదే..."

"నేను మారుస్తా. ఎలా మార్చాలో నర్సుని అడుగుతా. ఇకమీదట ఈయన పనికెళ్లాలో వద్దో కూడా నేనే చెబుతా. నువ్వు వెళ్లు."

మేస్త్రమ్మ మెట్ల దాకా వెళ్లి ఒక్కసారి వెనక్కి చూసింది. చెల్లెలు అప్పటికే లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.