మిగిలిన పదిహేను నిమిషాలు

అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో ఎంబీఏ ప్రవేశపరీక్షకు లెక్కలు చెప్పే సంయుక్త, శాతాలకో పేజీ, నిష్పత్తులకో పేజీ షార్ట్ నోట్స్ తన చేత్తోనే రాసేది. ప్రాక్టీస్ సెట్లూ ఆమెవే. కానీ వాటిని రాయించేటప్పుడు దగ్గరుండటం అదే మొదటిసారి.

లెక్కల సెక్షన్ నలభై నిమిషాలు కాగానే, ముందు బెంచీలో రాస్తున్న నవత చేతిలోంచి సంయుక్త పేపర్ లాగేసింది.

“అక్కా! ఇంగ్లీషుల పదిహేను నిమిషాలు మిగిల్చిన. అవి నావే కద?”

“అసలు పరీక్షల ఎవరిస్తరు? టైమైతే కంప్యూటరే సెక్షన్ మూసేస్తది. ముందు మిగిలింది పోయినట్టే.”

నవత సెట్ మీద అచ్చయి ఉన్నది చూపించింది: మూడు సెక్షన్లకు కలిపి నూట ఇరవై నిమిషాలు. సంయుక్తకు ఒళ్లు మండింది. తాను సెక్షన్‌కు నలభై అని విడివిడిగా రాసిచ్చింది.

ఆ సెట్ తీసుకెళ్లి, ఎందుకు మార్చారని నిలదీస్తే సెంటర్ యజమాని జగదీశ్వర్ నవ్వాడు. “గట్లయితే మార్కులు మంచిగొస్తయ్ మేడం. పిల్లలు ఖుష్, అమ్మానాన్నలు ఖుష్.”

“పన్నెండు రోజుల్ల పరీక్ష! పిల్లల గొంతు కోసిండ్రు కద సార్!”

తలుపు ధడాలున వేసి క్లాసుకొచ్చి, కొత్త లెక్కల సెట్ పంచింది. సరిగ్గా నలభై నిమిషాలకు అందరి పేపర్లూ లాక్కుంది. ఎప్పుడూ పదహారు లెక్కలు సరిగ్గా చేసే నవతకు తొమ్మిదే వచ్చాయి. పిల్ల ఏడ్చింది.

సంయుక్త ఓదార్చలేదు. “కోపముంటే నన్ను తిట్టుకో. పొద్దున ఏడింటికి రా, ఇంకో సెట్ రాయాలె.”