బియ్యం డబ్బాలో బాపు పాస్‌పోర్టు

ఆ రోజుల్లో ఎవరైనా "మీ ఇల్లెక్కడ?" అని అడిగితే నేను "ఇప్పుడా?" అని ఎదురు అడిగేదాన్ని. బహ్రెయిన్‌లో నాకు పదమూడేళ్లు వచ్చేసరికి నాలుగు అద్దె ఇళ్లు మారాం. ప్రతి ఇల్లూ నాకేదో ఒకటి అంటగట్టి పంపింది. చాయ్ దుకాణం మీది మొదటి ఇల్లు తెల్లవారకముందే మెలకువ వచ్చే రోగాన్నిచ్చింది. రెండోది, కరెంటు పోయి లిఫ్టులో ఇరుక్కున్న ఇల్లు, ఇప్పటికీ నాతో అయిదంతస్తులు మెట్లెక్కిస్తోంది. మూడోది ఉమ్మ్ అల్ హస్సామ్‌లోని ఫ్లాటు. అదిచ్చిన భయం మాత్రం కాస్త వివరంగా చెప్పాలి.

ఇల్లు ఖాళీ చేయడమంటే మా ఇంట్లో పరీక్షల కాలమే. వాచ్‌మన్ భాయ్ వచ్చి కుళాయిలు తిప్పుతాడు, ఏసీలు వేసి చూస్తాడు, కరెంటు మీటరు ఫోటో తీస్తాడు, తాళంచెవులు లెక్కపెట్టుకుంటాడు. ఆయన వచ్చేలోపు గోడల్లోని మేకుల రంధ్రాలు పూడ్చే పని నాది. (తెల్ల టూత్‌పేస్టుతో పూడ్చేదాన్ని. గోడ దగ్గరికెళ్తే పుదీనా వాసన వచ్చేది.) చివరగా అమ్మ ఆచారం ఒకటుంది. "ఇల్లు ఉత్తగ ఇడిషిపెట్టొద్దు బిడ్డా. అచ్చెటోళ్లకు రెండు దోసిళ్ల బియ్యం పెట్టి రా" అనేది. మూడో ఇల్లు ఖాళీ చేసిన శుక్రవారం ఆ పని నాకే పడింది. పెద్ద బియ్యం సంచి మూతి అప్పటికే తాడుతో బిగించి కట్టేశారు. విప్పే ఓపిక లేదు. పక్కనే చిన్న స్టీలు డబ్బా నిండా బియ్యం కనిపించింది. దాన్నే వంటింటి అలమారలో పెట్టేసి, ఎంత తెలివైనదాన్నో అని నన్ను నేనే మెచ్చుకుంటూ కారెక్కాను.

రిఫాలోని కొత్త ఇంట్లో అమ్మ పాలు పొంగించడానికి గిన్నె పెట్టింది. ఆ రాత్రే బాపు ఊరికి ప్రయాణం. మా చిన్నాయన పెళ్లికి పెద్దదిక్కు ఆయనే. రెండేళ్లకోసారి దొరికే సెలవు. బాపు చొక్కా మార్చుకుంటూ మామూలుగా అడిగాడు.

"నా పాస్‌పోర్ట్ ఏడ పెట్టినవే?"

"సామాన్ మోసెటోళ్లు లోపటికీ బయటికీ తిరుగుతున్నరని చిన్న డబ్బల, బియ్యం కింద పెట్టిన" అంది అమ్మ, స్టవ్ తుడుస్తూ.

నేను అలమారలో పెట్టొచ్చింది ఆ డబ్బానే. చెప్తే తంతారు, చెప్పకపోతే పెళ్లే ఆగుతుంది. కాసేపు అట్టపెట్టెల్లో వెతుకుతున్నట్టు నటించాను. బాపు గడియారం చూసుకోవడం మొదలుపెట్టాక ఇక నటన సాగలేదు.

"ఆ డబ్బ... ఆడనే ఇడిషిపెట్టచ్చిన బాపూ."

అమ్మ చేతిలో అప్పుడే గీసిన అగ్గిపుల్ల వేలిదాకా కాలింది. బాపు తిట్టలేదు. అందుకే మరీ భయం వేసింది. కారు తాళాలు తీసుకుని "నడు" అన్నాడు, అంతే.

దారంతా భాయ్‌కి ఫోన్ చేస్తూనే ఉన్నాను. స్విచ్ ఆఫ్. శుక్రవారం నమాజు వేళ. నాకు తెలిసిన దేవుళ్లందరికీ కొబ్బరికాయలు మొక్కాను. (ఎన్ని మొక్కానో మర్చిపోయాను, దేవుళ్లు గుర్తుపెట్టుకోలేదనే అనుకుంటున్నాను.) ఫ్లాటుకు చేరేసరికి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, లోపల పెయింటర్లు. వంటింటి అలమార ఖాళీ! బాపు అక్కడే నేలమీద కూలబడ్డాడు. ఆయన అలా కూర్చోవడం నేనెన్నడూ చూడలేదు. నేను ఖాళీ అలమారలోకి మళ్లీ చేయి పెట్టి తడిమాను.

అప్పుడే మెట్ల కింది గదిలోంచి భాయ్ తొంగిచూశాడు, చేతిలో గరిటె. "ఆవో భాయ్, ఫోన్ అభీ చాలూ కియా. పాస్‌పోర్ట్ సలామత్ హై!" అన్నాడు, అంటే భద్రంగా ఉందని. అన్నానికి బియ్యం కొలుస్తుంటే దొరికిందట. శుభ్రంగా తుడిచి, తన ప్రార్థన పుస్తకం పక్కన పెట్టాడు. బియ్యం మాత్రం పొయ్యి మీద ఉడుకుతోంది. ఇన్నేళ్లలో ఖాళీ చేసినవాళ్లు విరిగిన కుర్చీలు, చెత్త, బొద్దింకలు వదిలి వెళ్లారుగానీ తిండి పెట్టిపోయింది మీరొక్కరే అన్నాడు హిందీలో. బాపు పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని, పైనుంచి రెండుసార్లు తట్టుకుని, "అన్నమయ్యేదాక ఉందాం బిడ్డా, తిని పోదాం" అన్నాడు. ముగ్గురం ఒకే పళ్లెంలో పప్పన్నం తిన్నాం. రిఫాలో అమ్మ పాలగిన్నె ముందు స్టవ్ వెలిగించకుండా అలాగే కూర్చుని ఉంది. బాపు జేబులోంచి పాస్‌పోర్టు తీసి చూపించాకే పాలు పొంగించింది.

ఆ పదమూడేళ్ల తెలివితక్కువదాన్ని తలుచుకుంటే నవ్వొస్తుంది. కానీ నేనిప్పుడు పెద్దదాన్ని, ఉద్యోగస్తురాలిని, ఎన్ని ఇళ్లు మారానో లెక్కే లేదు. ఖాళీ చేసేటప్పుడు బియ్యం పెట్టకుండా మాత్రం ఏ ఇంట్లోంచీ కదల్లేదు. పెట్టేముందు ఆ బియ్యాన్ని చాటలో పోసి, గింజ గింజా ఏరినట్టు వెతుకుతాను. మా ఆయన "ఏమైనా పోయిందా?" అని అడుగుతాడు. "ఇంకా పోలేదు" అంటాను.