జలుబు మాత్ర గురించి దాచిన సంగతి

తార్నాకలో ఒక డాక్టరుగారి గదిలో బెంచీ మీద నేను అలసటతో నిద్రపోయానని ఇరవై ఏళ్లుగా అందరికీ చెబుతున్నాను. అది అబద్ధం. మందుల కంపెనీ రిప్రజెంటేటివ్‌నైన నేను, పరీక్షల వేళ పక్కనున్న యూనివర్సిటీ క్యాంపస్ విద్యార్థులకు మా జలుబు మాత్ర రాయించాలని, అది మత్తు తెస్తుందన్న సంగతి దాచాలనుకున్నాను. నాకూ జలుబు చేయడంతో అదే మాత్ర వేసుకుని వెళ్లాను.

డాక్టరుగారు తట్టి లేపారు. “నీకిచ్చిన రెండు నిమిషాలు గురకల్నే పాయె. ఏం మింగినవ్?”

“మా మాత్రనే సార్.”

“మత్తు సంగతి చెప్పేటోడివేనా?”

“లేద్సార్, దాద్దామనుకున్న.”

“బయట పేషెంట్లున్నరు. ఒక్క నిమిషం. ఎవలకు ఇయ్యొద్దో ముందుగాల చెప్పు.”

సంచిలోంచి మా మాత్ర కరపత్రం తీసి, అడుగున చిన్న అక్షరాల్లో ఉన్నదంతా చదివాను. జలుబును నయం చేయదని, ముక్కు కారడమే తగ్గిస్తుందని కూడా ఒప్పుకున్నాను.

“చదువుకునేటోళ్లకు రాయ. రాత్రి పండేటోళ్లకు చూస్త. మళ్లొచ్చేటప్పుడు మాత్ర సంచిల పెట్టుకొని రా, కడుపుల గాదు.”