బ్లేమ్డ్ తర్వాత ఫర్

భద్రాచలంలో నేను కిరాయికి ఉన్న గదిలో రెండు కుర్చీలుండేవి. రెండోదాని మీద పుస్తకాలు పెట్టేవాణ్ణి. దాంట్లో కూర్చోడానికి వచ్చేవాళ్లు లేరు. తమ్ముడి గృహప్రవేశంలో ముహూర్తాలు వట్టివని అందరిముందూ వాదించి గెలిచాను. అప్పటినుంచి వాడు నాకు ఫోన్ చేయలేదు. నా మాట తప్పని ఇప్పటికీ అనుకోను.

ఆదివారాలు దగ్గర్లోని ఒక బడి గదిలో ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లకు ఉచితంగా ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. వాళ్లకు కొరకరాని కొయ్య తప్పు పట్టే ప్రశ్న. వాక్యాన్ని ముక్కలు చేసి ఇస్తారు. తప్పున్న ముక్కను చూపాలి, లేదా తప్పు లేదనాలి. ఎక్కువమందిని ముంచేది పెద్ద మాట కాదు, దాని వెనక వచ్చే చిన్న మాట. డిపెండ్ తర్వాత ఆన్, అఫ్రెయిడ్ తర్వాత ఆఫ్, రీజన్ తర్వాత ఫర్. కోచింగుల్లో వీటిని బట్టీ పట్టిస్తారు. బట్టీ అంటే నాకు ఒళ్లు మంట. అర్థం అడక్కుండా మంత్రం చదివించేవాడికీ నాకూ తేడా ఉండొద్దా? అందుకని ప్రతి జంటకూ ఒక కారణం చెప్పేవాణ్ణి.

చర్ల అవతలి అడవి ఊరినుంచి ఒకమ్మాయి వచ్చేది. ఇంట్లో కోయ మాట, బడిలో తెలుగు, ఆ తర్వాత ఇంగ్లీషు. గుమాస్తా పరీక్షకు కట్టింది. వయసు లెక్కన ఆమెకు అదే ఆఖరి అవకాశం. ఒక ఆదివారం లేచి అడిగింది.

"సార్, అక్యూజ్డ్ అన్నా చార్జ్డ్ అన్నా నేరం మోపుడే గదా. దానికి ఆఫ్ ఏంది, దీనికి విత్ ఏంది?"

"చార్జ్ అంటే బరువమ్మా. మనిషి నెత్తిన బరువు పెడితే విత్ వస్తుంది," అన్నాను. అంతా రాసుకున్నారు. నాకు హేతువాద సభలో చప్పట్లు విన్నట్టే ఉంది.

రెండు వారాల తర్వాత నమూనా పరీక్ష పెట్టాను. 'ప్రమాదానికి డ్రైవరును తప్పుపట్టారు' అన్న వాక్యం ఇంగ్లీషులో ఇచ్చాను. బ్లేమ్డ్ ఫర్ అని సరిగ్గానే ఉంది. ఆమె ఆ ముక్కనే తప్పని గీత గీసింది.

"నింద గూడ బరువే గదా సార్. అందుకే విత్ ఉండాలె అనుకున్న," అంది. మరో రెండు ప్రశ్నలు కూడా నా కారణాల వల్లే తప్పుపోయాయి. అసలు పరీక్షలో తప్పుకు మార్కు కోస్తారు.

పాల్వంచలో షిఫ్టు దిగి వచ్చే ఒక కార్మికుడు వెనక బెంచీ నుంచి నవ్వాడు. "దేవుడికే రుజువు అడుగుతరు మీరు. గీ ఫర్‌కు రుజువేది సార్?"

గది గొల్లుమంది. నేను మరో కారణం వెతుక్కుంటున్నాను. ఆమె నవ్వలేదు.

"సార్, బడిల మా పంతులమ్మ 'పామంటే భయం' అనాలె అన్నది. గా 'అంటే' ఎందుకో నేను అడగలే, ఆమె చెప్పలే. గా మాట మొత్తంగ నాకు నోటికొచ్చింది. మీకు తెలుసా ఎందుకో?"

నా సొంత భాష అది. తెలియదు. "తెలియదమ్మా," అన్నాను. "బ్లేమ్డ్ ఫర్ సంగతీ తెలియదు. నేను చెప్పిన కారణాలు చాలావరకు నేనే అల్లినవి. కొట్టేయండి."

ఆ తర్వాత పద్ధతి ఆమెదే. రెండు మాటల్నీ విడదీసి రాయదు. జంటను కలిపి ఒకే చీటీ మీద రాసి, తన ఇంటి సంగతితో వాక్యం కడుతుంది. సాయంత్రాలు సిగ్నల్ అందే కల్వర్టు దాకా నడిచొచ్చి నాకు ఫోన్ చేసి, వాటిని గడగడా అప్పజెప్పేది. మా అమ్మ అడవి మీద ఆధారపడుతుంది, డిపెండ్స్ ఆన్. నాకు నడక అలవాటే, యూజ్డ్ టు వాకింగ్. అడవి అంటుకుంటే మా అన్నను తప్పుపట్టారు, బ్లేమ్డ్ ఫర్ ద ఫైర్.

"నిజమేనా?" అన్నాను.

"నిజమే సార్. గాయన ఆరోజు ఊళ్లనే లేడు." వెంటనే తర్వాతి చీటీకి పోయింది.

ఒకరోజు అంది: "రోజూ నా ఇంటి ముచ్చటేనా? మీరు గూడ ఒకటి చెప్పున్రి సార్."

"నాకెందుకమ్మా, పరీక్ష నీది," అని తప్పించుకున్నాను.

పరీక్షయ్యాక ఫోన్లు ఆగాయి. ఫలితాలు వచ్చిన రోజు చేసింది. "సార్, వచ్చింది! బ్లేమ్డ్ ఫర్ పడ్డది సార్, తప్పు లేదని పెట్టిన." వెనక ఎవరో కోయలో పిలుస్తున్నారు. పెట్టేసింది. కొత్తగూడెంలో ఉద్యోగంలో చేరిందని తర్వాత ఆ కార్మికుడు చెప్పాడు.

సాయంత్రం ఆ వేళకు ఫోన్ దగ్గర పెట్టుకోవడం నాకు అలవాటైపోయింది. ఒకరోజు ఆమె అడిగిన వాక్యం కడదామని కూర్చున్నాను. అపాలజైజ్, క్షమాపణ అడగడం. మనిషి ముందు టు, తప్పు ముందు ఫర్. ఐ అపాలజైజ్ టు మై బ్రదర్ ఫర్, దాకా వచ్చింది. తర్వాత రాయాల్సిన మాట నా దగ్గర లేదు. చీటీని అట్లాగే రెండో కుర్చీలో పుస్తకాల మీద పెట్టాను.