ఎనిమిది లైన్ల ఫైనల్

పొడుగు రాతంటే నాకు ఒళ్లుమంట. ఎనభైల మొదట్లో విశాఖలో ఓ చిన్న దినపత్రికలో ఆటల వార్తలు కుదించే పని చేసేవాణ్ణి. ఆఫీసులో అందరూ నన్ను కత్తెర అనేవారు. అది బిరుదనుకుని మురిసిపోయేవాణ్ణి.

మల్కాపురం నుంచి మాకు రాసే పెద్దాయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. మైదానం మీద వీచిన గాలి దగ్గర్నుంచి మొదలెట్టేవాడు. నేను మొదటి పేజీ చదవకుండానే అడ్డంగా కొట్టేసేవాణ్ణి. స్కోరు ముందు రావాలి, విరామానికి ఎంతో చెప్పాలి, ఆ తర్వాత ఆట తిరిగిన చోట్లు. తిరిగిన చోట్లు పోతే మిగిలేది ఉత్త అంకెలే. ఆ సూత్రం ఇప్పటికీ తప్పనను.

ఆ సాయంత్రం ఫుట్‌బాల్ ఫైనల్ మీద మాస్టారు నాలుగున్నర కాగితాలు పంపాడు. చోటు ఎనిమిది లైన్లు. ఆట తిరిగింది రెండుసార్లు. స్కోరు చెరొక గోలు మీదుండగా అరవై అయిదో నిమిషంలో మల్కాపురం గోల్‌కీపరు పెనాల్టీ ఆపాడు. ఆ దెబ్బకి కుడి చూపుడువేలు విరిగింది. మార్చుకోదగ్గ ఇద్దరు ఆటగాళ్లూ అప్పటికే మైదానంలోకి దిగిపోయారు. వేలిని పక్క వేలికి చేతిగుడ్డతో కట్టుకుని అతనే నిలబడ్డాడు. ఎనభై ఏడో నిమిషంలో ఎత్తుగా వచ్చిన బంతి అతని చేతుల్లోంచి జారి గోల్లో పడింది. పాతపట్నం జట్టు గెలిచింది.

నేను రాసింది తొమ్మిది లైన్లయింది. ఒకటి తియ్యమని కంపోజింగ్ ఫోర్‌మన్ కబురంపాడు. చివరి లైన్లో కప్పు అందజేసిన షావుకారు పేరుంది. ఆయన మాకు ప్రకటనలిచ్చేవాడు, కాబట్టి దాని జోలికి పోలేదు. పెనాల్టీ మలుపు, బంతి జారడం మలుపు, వేలు విరగడం కారణం మాత్రమే అని తేల్చి వేలు కొట్టేశాను. మర్నాడు ఇలా పడింది: "ఫైనల్లో పాతపట్నం 2-1తో మల్కాపురంపై గెలిచింది. విరామానికి స్కోరు 1-1. 65వ నిమిషంలో పెనాల్టీ ఆపిన మల్కాపురం గోల్‌కీపర్ 87వ నిమిషంలో తేలికైన బంతిని వదిలేశాడు." ఆ కింద షావుకారు. తేలికైన అన్న మాట మాస్టారి కాగితాల్లో లేదు. అది నా చేతివాటం.

నాలుగోరోజు మాస్టారు ఆ గోల్‌కీపర్ని వెంటబెట్టుకుని మా ఆఫీసుకొచ్చాడు. చేతికి పిండికట్టు, చంకలో ఫైలు. ఆ రోజుల్లో ఆటగాళ్ల కోటాలో ఉద్యోగం కావాలంటే పేపర్లో పడిన ముక్కలు ఫైల్లో అంటించి చూపించాలి. ఓ పెద్ద కార్ఖానాలో అతనికి వచ్చే వారమే ఇంటర్వ్యూ అని, అక్కడివాళ్లు మా పేపరే చదువుతారని మాస్టారు చెప్పాడు. మేం వేసిన వార్తలో అబద్ధమేముందో చూపించమన్నాను.

"అబద్దం ఏటీ నేదు బాబూ," అన్నాడతను. "బంతి వొగ్గీసిన మాట నిజవే. ఏలు ఇరిగిన మాటా నిజవే గదా. ఆ ఒక్క ముక్క ఎయ్యండి, నాను సూపించుకుంతాను."

తప్పు పడితేనే సవరణ వేస్తాం, ఇందులో తప్పు లేదన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. చుట్టూ అందరూ వింటున్నారు మరి.

"ఉద్యోగం వేలు చూసి ఇవ్వరు, బంతి పట్టినవాడికిస్తారు," అన్నాను.

బల్లల దగ్గర నవ్వులు లేచాయి. అతను కూడా, పెద్దవాళ్లు నవ్వుతున్నారు కదాని, కొంచెం నవ్వాడు. దాన్ని ఇప్పటికీ మరవలేను. మాస్టారు మాత్రం నా మొహం చూడకుండా లేచాడు.

అతను ఆ ముక్క ఫైల్లో అంటించలేదట. ఇంటర్వ్యూ చేసినవాళ్లలో ఒకాయన తన జేబులోంచి అదే ముక్క తీసి, అతనికే ఇచ్చి, పైకి చదవమన్నాడట. చదివించి పంపేశారు. వేలు వంకరగానే అతుక్కుంది. తర్వాత రేవులో బస్తాలు మోశాడని విన్నాను. మాస్టారు మళ్లీ ఎప్పుడూ పొడుగు వార్త పంపలేదు. జట్ల పేర్లూ రెండంకెలూ పంపేవాడు, అంతే. నేను కుదించడానికేమీ మిగల్లేదు.

సిగ్గుపడ్డానా అంటే, అప్పుడు లేదు. ఆ ముక్కని నా బల్ల అద్దం కింద పెట్టుకున్నాను. కొత్తగా చేరినవాళ్లకి కుదించడమంటే ఇలా అని ఏళ్ల తరబడి చూపించాను. అందరూ తలూపేవారు. చివరికి ఒకమ్మాయి చేరింది. రెండుసార్లు చదివి, పెనాల్టీ ఆపినవాడు తేలికైన బంతి ఎలా వదిలాడండీ అని అడిగింది. వేలు విరిగింది, రాయడానికి చోటు లేదన్నాను.

ఆమె అద్దం మీద షావుకారు పేరు దగ్గర వేలు పెట్టింది.

"ఇది తీసేస్తే సరిపోయేది కదండీ."

అద్దం ఎత్తి ఆ కాగితం పీకేశాను. నాకు కోపమొచ్చిందనుకుందేమో, పాపం, ఆ పిల్ల క్షమించమంది.