వానకు ఆగిన మగ్గాలు, ఢిల్లీకి ఈమెయిల్

తొంభైల చివర్లో నేను నారాయణపేటలో ఒక చేనేత మహిళల సంఘంలో ఉత్తరాల పని చూసేదాన్ని. ఈమెయిల్ పంపాలంటే బస్సెక్కి మహబూబ్‌నగర్ పోవాలి. అక్కడ బస్టాండు వెనక చిన్న దుకాణంలో కంప్యూటర్లుండేవి. ఇంటర్నెట్ నడిచే ఫోన్ లైను ఎప్పుడు తెగుతుందో తెలియక గబగబా టైపు చేసేదాన్ని.

ఆ ఏడు వానలు పట్టుకుని వదల్లేదు. గంజి పెట్టిన పడుగు నూలు ఆరలేదు, ఆరనిది మగ్గమెక్కదు. పని లేక నేతవాళ్లలో చాలామంది నాట్లకు పోయారు. తీరా ఎండ కాసేసరికి పడుగులున్నాయి గానీ నేసేవాళ్లు లేరు. ఇంతలో మా చీరలు కొనే ఢిల్లీ దుకాణం నుంచి ఈమెయిల్ వచ్చింది, చీరలు ఎప్పుడొస్తాయో చెప్పకపోతే ఆర్డరు రద్దు చేస్తామని.

జవాబు రాయడానికి మా సంఘం మేనేజరు సారు కూడా నాతో వచ్చారు. పెద్దాయన, నన్ను బేటీ అనే పిలిచేవారు. అన్నీ చుక్కలు పెట్టి పాయింట్లుగా రాయమన్నారు. అలాగే కొట్టాను: వానలు. పడుగు ఆరలేదు. నేతవాళ్లు పొలాలకు పోయారు. ఆలస్యమైంది. పంపేముందు ఒకసారి చదివి చూసుకున్నాను. ఒకదానివల్ల ఇంకొకటి జరిగిందన్న సంగతే అందులో లేదు.

"సార్, ఏ రంగు, ఎన్ని చీరలు, ఎప్పుడు పంపుతం, గవి పట్టికల పెడ్త. చూసుకునేటందుకు ఆసాన్ ఉంటది. ఎందుకు లేటయిందో గిట్ల ముక్కలు చేస్తే సాకులు చెప్పినట్లుంటది" అన్నాను.

"వాళ్లకు గంత సదివే ఫుర్సత్ యాడుంటది బేటీ?"

చిన్న పేరాయే రాస్తానన్నాను. ఆయన గోడ గడియారం వంక చూసి, "సరే, రాయి. ఆర్డరు పోతే మాత్రం ఆడోళ్లకు నువ్వే చెప్పాలె" అన్నారు.

పేరా పైన, పట్టిక కింద పెట్టి పంపాను. ఇక ఆ వారమంతా నేతవాళ్ల వీధిలోకి పోవాలంటేనే గుబులు. ఆడవాళ్లు ఏమైందని అడిగితే ఏం చెప్పను?

మళ్లీ మహబూబ్‌నగర్ పోయేసరికి జవాబు వచ్చి ఉంది. వాన సంగతి అర్థమైందని, గడువు పెంచుతున్నామని రాశారు. కానీ నీలం చీరల తేదీ ఆకుపచ్చ వాటి కింద ఎందుకుందని అడిగారు. నేను గడులను స్పేసులు కొట్టి సర్దాను. వాళ్ల తెరమీద అక్షరాల వెడల్పు వేరేమో, అంకెలన్నీ పక్కకు జరిగాయి. పట్టిక తీసేసి రంగుకొక వరుస చొప్పున రాశాను: రంగు, చీరలెన్ని, ఏ రోజు. ఉన్నవి కొన్ని రంగులే, దానికి అంతకన్నా అక్కర్లేదు.

అయినా ఎర్ర చీరలు పెంచిన గడువుకూ పూర్తి కాలేదు. సారుతో మళ్లీ బస్సెక్కాను. ఈసారి రాసింది రెండు వాక్యాలే: ఎర్ర చీరలు ఎందుకు ఆగాయో ఒకటి, ఏ రోజు పంపుతామో ఒకటి. చుక్కల ఊసెత్తకుండా సారు అది చదివి పంపమన్నారు.