అత్తమ్మ పెంక

పాపకు క్రిములు సోకుతాయన్న భయంతో, అత్తమ్మ ఇచ్చిన ఇనుప దోశ పెంకను సబ్బునీళ్లలో నానబెట్టి మరిచిపోయాను. తుప్పు పట్టింది. ఆమె తన ఊరు మంచాల నుంచి వస్తోందని తెలిసి, గబగబా స్టీలు పీచుతో తోమి, ఆరబెట్టి, దండిగా నూనె పూసి కాల్చాను. నూనె జిగటగా పేరుకుంది. దోశ అతుక్కుపోయింది.

అప్పుడే అత్తమ్మ వచ్చింది.

"పెంకకు తలంటుతున్నవా బిడ్డా? గింత నూనెనా!"

జిగటనూ, దాని కింద మిగిలిన తుప్పు మరకలనూ గీకి కడిగింది. పొయ్యి మీద తడి ఆర్చి, చుక్క నూనె రాసి, బట్టతో తుడిచేసి, పొగ వచ్చేదాకా కాల్చింది. నల్లబడేదాకా మళ్లీ మళ్లీ అలాగే చేసింది.

"తుప్పెట్ల పట్టిందే?"

"కిటికీ దగ్గర పెడితే వాన పడ్డది, అత్తమ్మా."

"అయ్యో, కిటికీ కాడ పెట్టుమని నేనే అంటి గదా. తప్పు నాదే."

అంటుకోకుండా లేచిన మొదటి దోశ నాకే పెట్టింది.